మీటరులో 15 వోల్టులు, మైకులో గుయ్‌మని మోత: హాఫ్‌వేవ్ రెక్టిఫైయర్ రిపుల్ లెక్క

పర్లాకిమిడి వైపు పల్లెల్లో సాయంత్రం ఏడు దాటితే ఇంటింటా లైట్లు, ఫ్యాన్లు, టీవీలు ఒక్కసారిగా పడతాయి. లైను చివరి ఇళ్ళకు కరెంటు నీరసంగా వస్తుంది. సరిగ్గా అదే వేళకు భజన మందిరంలో మైకు పెడతారు. పొద్దున శుభ్రంగా పలికిన మిక్సర్ అప్పుడు గుయ్‌మని సన్నగా మోత మొదలుపెడుతుంది. మర్నాడు పొద్దున రిపేరు షాపుకు తీసుకెళ్తే ఏ లోపమూ కనబడదు. మీటరు పెడితే కెపాసిటర్ మీద 15 వోల్టులు చూపిస్తుంది, రెగ్యులేటర్ నుంచి 12 వస్తూనే ఉంటుంది.

షాపులో మేస్త్రీ "కండెన్సర్ పెద్దది వెయ్యి, పోతుంది" అంటాడు. పాలిటెక్నిక్ చదివే కుర్రాడు "అలా చేస్తే డయోడ్ పోతుంది మేస్త్రీ, మా పుస్తకంలో ఉంది" అంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఎవరి మాట ఎంతవరకు నిజమో తేలాలంటే ఆ చిన్న పవర్ సప్లై లోపల 20 మిల్లీసెకన్లలో ఏం జరుగుతుందో చూడాలి.

నాలుగు వస్తువులు, ఒక్కోదాని పని

ఈ సప్లైలో ముందు ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది 230 వోల్టులను 12 వోల్టుల ఏసీగా తగ్గిస్తుంది. దాని తర్వాత ఒకే ఒక డయోడ్, షాపుల్లో 4007 అని అడిగే నల్లటిది. అది ఏసీలో ఒక వైపు సగాన్నే వదులుతుంది, రెండో సగాన్ని ఆపేస్తుంది. అందుకే దీన్ని హాఫ్‌వేవ్ రెక్టిఫైయర్ అంటారు. డయోడ్ తర్వాత 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్, దాని తర్వాత 12 వోల్టులు నికరంగా ఇచ్చే 7812 రెగ్యులేటర్. మిక్సర్ తాగే కరెంటు 100 మిల్లీఆంపియర్లు అనుకుందాం.

కెపాసిటర్ పని ఇంటి మీద నీళ్ళ ట్యాంకు పనిలాంటిదే. మున్సిపాలిటీ నీళ్ళు కాసేపే వస్తాయి, కుళాయి మాత్రం రోజంతా నడవాలి. డయోడ్ తెరుచుకున్న కాసేపట్లో కెపాసిటర్ నిండుతుంది, మిగతా సమయమంతా లోడ్‌కు అదే పోస్తుంది. పోస్తున్నంతసేపూ దాని వోల్టేజీ దిగుతూ, మళ్ళీ నిండినప్పుడు ఎక్కుతూ ఉంటుంది. ఈ ఎక్కుదిగుళ్ళ ఎత్తునే రిపుల్ అంటారు.

పై అంచు ఎక్కడ?

12 వోల్టుల ఏసీ అంటే ఆర్‌ఎంఎస్ విలువ, అంటే అంతే వేడి పుట్టించే డీసీతో సమానమైన అంకె. దాని శిఖరం, అంటే పీక్, 1.414 రెట్లు: సుమారు 17 వోల్టులు. డయోడ్ తన వంతుగా 0.8 వోల్టు దాకా మింగుతుంది. కాబట్టి కెపాసిటర్ గరిష్ఠంగా 16.2 వోల్టుల వరకు నిండుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో నష్టమేమీ లేదన్న లెక్క ఇది. ఆ షరతు సంగతి తర్వాత చూద్దాం.

దిగుడు లెక్క: ఒక్కో మిల్లీసెకనుకు ఎంత?

సూత్రం కంటే ముందు ఒక చిన్న అంకె పట్టుకుంటే పని తేలికవుతుంది. 100 మిల్లీఆంపియర్లను 1000 మైక్రోఫారడ్లతో భాగిస్తే సెకనుకు 100 వోల్టులు, అంటే మిల్లీసెకనుకు 0.1 వోల్టు. డయోడ్ మూసుకున్నంతసేపూ కెపాసిటర్ వోల్టేజీ ఈ వేగంతో దిగుతుంది. రెగ్యులేటర్ ఉన్నప్పుడు లోడ్ కరెంటు దాదాపు మారదు కనుక దిగుడు తిన్నని గీతలా ఉంటుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్. ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి 20 మిల్లీసెకన్లు. హాఫ్‌వేవ్‌లో మధ్యలో ఇంకో శిఖరం దొరకదు. ఆ 20 మిల్లీసెకన్లూ కెపాసిటరే భరిస్తుందనుకుంటే దిగుడు 2 వోల్టులు. పుస్తకంలో సూత్రం ఇదే:

```
Vr = I / (f × C) = 0.1 / (50 × 0.001) = 2 V
```

అంటే వోల్టేజీ 16.2కు, 14.2కు మధ్య ఊగుతుంది.

విద్యార్థులు తికమకపడేది ఇక్కడే. పుస్తకంలో ఇంకో పేజీలో హాఫ్‌వేవ్ రిపుల్ ఫ్యాక్టర్ 1.21 అని కనబడుతుంది. అది కెపాసిటర్ లేని రెక్టిఫైయర్‌ది. దాన్ని ఇక్కడికి తెస్తే లెక్క పూర్తిగా చెడుతుంది. మరో చోట సూత్రంలో 2√3 ఉంటుంది. అదేమో రిపుల్ ఎత్తును కాకుండా దాని ఆర్‌ఎంఎస్ విలువను ఇస్తుంది. రంపపు పళ్ళ ఆకారంలో ఉన్న 2 వోల్టుల రిపుల్‌కు ఆర్‌ఎంఎస్ 0.58 వోల్టు. రెండు అంకెలూ ఒకే రిపుల్‌వి, కొలిచే తీరు వేరు.

డయోడ్ తెరిచి ఉండేది ఎంతసేపు?

సగం తరంగాన్ని వదులుతుంది కాబట్టి డయోడ్ 10 మిల్లీసెకన్లు తెరిచి ఉంటుందని చాలామంది అనుకుంటారు. కెపాసిటర్ లేకపోతే దాదాపు అంతే. కెపాసిటర్ ఉన్నప్పుడు డయోడ్ రెండో కొసన ఖాళీ ఉండదు, అప్పటికే 14 వోల్టులకు పైగా ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ దాన్ని దాటితేనే డయోడ్ తెరుచుకుంటుంది. అంటే తరంగం శిఖరానికి బాగా దగ్గరగా వచ్చేదాకా అది మూసుకునే ఉంటుంది.

కెపాసిటర్ 14.2కు దిగి ఉంది. డయోడ్ తినే 0.8 కలిపితే ట్రాన్స్‌ఫార్మర్ 15 వోల్టులకు చేరాలి. శిఖరం 17. శిఖరం నుంచి ఎన్ని డిగ్రీల ముందు తరంగం 15 దగ్గర ఉంటుంది?

```
cos θ = 15 / 17 = 0.882
θ = 28°
t = (28 / 360) × 20 = 1.56 ms
```

శిఖరం దాటగానే ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ కెపాసిటర్ కంటే కిందికి పోతుంది, డయోడ్ మూసుకుంటుంది. నిజానికి మూసుకునేది శిఖరం తర్వాత ఇంకో డిగ్రీకి. ఈ లెక్కలో దాన్ని వదిలేసినా తేడా రాదు. మొత్తమ్మీద 20 మిల్లీసెకన్లలో డయోడ్ పనిచేసేది ఒకటిన్నర మిల్లీసెకను మాత్రమే.

కాలిక్యులేటర్‌లో కొసైన్ లేకపోతే దగ్గరి దారి ఒకటుంది. రిపుల్‌ను రెండుతో గుణించి, శిఖరంతో భాగించి, వర్గమూలం తీస్తే కోణం రేడియన్లలో వస్తుంది. ఇక్కడ 4ను 17తో భాగిస్తే 0.235, దాని వర్గమూలం 0.485, అంటే 27.8 డిగ్రీలు. అసలు లెక్కకు చాలా దగ్గర.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి రిపుల్‌ను సరిదిద్దుకోవచ్చు. కెపాసిటర్ ఒంటరిగా భరించింది 20 మిల్లీసెకన్లు కాదు, సుమారు పద్దెనిమిదిన్నర. మిల్లీసెకనుకు 0.1 చొప్పున దిగుడు 1.85 వోల్టులు. ల్యాబ్‌లో ఆసిల్లోస్కోప్ మీద 1.8 కనబడి, రికార్డు పుస్తకంలో 2 రాసి ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. తేలిక సూత్రం రిపుల్‌ను కొంచెం ఎక్కువ చూపిస్తుంది. డిజైన్ చేసేవాడికి అది మంచివైపు తప్పే.

ఆ సూత్రానికి హద్దు కూడా ఉంది. అదే లోడ్‌కు 100 మైక్రోఫారడ్లు వేస్తే లెక్క ప్రకారం రిపుల్ 20 వోల్టులు రావాలి. పై అంచే 16.2 అయినప్పుడు 20 ఎలా దిగుతుంది? రిపుల్ శిఖరంలో ఐదో వంతు లోపల ఉన్నంతవరకే ఈ సూత్రాన్ని నమ్మాలి. అది దాటితే కెపాసిటర్ సరిపోలేదన్నదొక్కటే దాని నుంచి తీసుకోవాల్సిన సమాచారం.

ఆ ఒకటిన్నర మిల్లీసెకనులో వచ్చే కరెంటు

లోడ్ 20 మిల్లీసెకన్లలో తాగేదంతా ఆ ఒకటిన్నర మిల్లీసెకనులో రావాలి. 100 మిల్లీఆంపియర్లను 20తో గుణించి 1.5తో భాగిస్తే 1.33 ఆంపియర్లు. ఇది డయోడ్ తెరిచి ఉన్నప్పటి సగటు. కరెంటు డయోడ్ తెరుచుకున్న క్షణంలో ఎక్కువగా మొదలై శిఖరం దగ్గరికి తగ్గిపోతుంది కనుక మొదటి ఎత్తు దాదాపు రెట్టింపు, రెండున్నర ఆంపియర్లు. బయట 100 మిల్లీఆంపియర్ల లోడ్, లోపల దానికి పాతిక రెట్ల పోటు.

4007 డయోడ్‌కు సగటు కరెంటు పరిమితి 1 ఆంపియర్. మన సగటు 0.1 మాత్రమే. ఒక్కసారి వచ్చే సర్జ్‌ను 30 ఆంపియర్ల వరకు ఓర్చుకునేలా దాన్ని చేస్తారు. రెండున్నర ఆంపియర్ల పోట్లు దానికి లెక్కలోవి కావు.

ఎక్కువ ఇబ్బంది ట్రాన్స్‌ఫార్మర్‌కే. తీగచుట్టలో వేడిని నిర్ణయించేది కరెంటు ఆర్‌ఎంఎస్ విలువ. ఈ పోట్ల ఆర్‌ఎంఎస్ సుమారు 0.4 ఆంపియర్, లోడ్ కరెంటుకు నాలుగు రెట్లు. "లోడ్ వంద మిల్లీనే కదా" అని 150 మిల్లీఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ పెడితే అది చేయి పెట్టలేనంత వేడెక్కేది ఇందుకే. పైగా హాఫ్‌వేవ్‌లో కరెంటు ఒకే దిక్కుకు పోతుంది కనుక కోర్ మీద ఒకవైపు అయస్కాంత భారం కూడా పడుతుంది.

నష్టాలు లేవన్న షరతును ఇప్పుడు తీసేద్దాం. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల నిరోధం రెండు మూడు ఓమ్‌లు ఉండొచ్చు. రెండున్నర ఆంపియర్లు పారితే అక్కడే ఐదు వోల్టులు పోవాలి. శిఖరానికీ కెపాసిటర్‌కూ మధ్య ఉన్న తేడాయే రెండు వోల్టులు అయినప్పుడు అంత కరెంటు పారడం జరగని పని. అందువల్ల నిజంగా పోటు ఒక ఆంపియర్ దరిదాపులకు తగ్గుతుంది, డయోడ్ మూడు మిల్లీసెకన్ల దాకా తెరిచి ఉంటుంది, కెపాసిటర్ పై అంచు కూడా ఒక వోల్టు అటూ ఇటుగా దిగుతుంది. మరోవైపు 12 వోల్టులని రాసి ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తక్కువ లోడ్ మీద 13, 14 ఇవ్వడం మామూలే. ఈ రెండూ ఒకదాన్నొకటి కొంత సరిచేసుకుంటాయి. మన లెక్క కాగితం మీద పనికొచ్చే అంచనా, అసలు అంకెను కొలిచి చూసుకోవాల్సిందే.

సాయంత్రం ఏం మారింది?

7812 పనిచేయాలంటే దాని లోపలికి వచ్చే వోల్టేజీ బయటికిచ్చే 12 కంటే దాదాపు 2 వోల్టులు ఎక్కువ ఉండాలి. అంటే 14. తక్కువ కరెంటు మీద ఇది కొంచెం తగ్గినా 14ను గీత అనుకుందాం. సగటు ఒక్కటే కాదు, రిపుల్ అడుగు కూడా ఈ గీతకు పైనే ఉండాలి. 230 వోల్టులున్నప్పుడు అడుగు 16.2లోంచి 1.85 తీస్తే 14.35. గీతకు మూడో వంతు వోల్టు మాత్రమే పైన. పొద్దున శుభ్రంగా పలకడానికి కారణం ఆ కాస్త వెసులుబాటే.

సాయంత్రం లైను 205కు దిగిందనుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ 12కు బదులు 10.7 ఇస్తుంది. శిఖరం 15.1, డయోడ్ పోగా 14.3. అక్కడి నుంచి మిల్లీసెకనుకు 0.1 చొప్పున దిగితే మూడు మిల్లీసెకన్లకే 14 గీత తాకుతుంది. మిగతా పదిహేను మిల్లీసెకన్లూ రెగ్యులేటర్ చేతులెత్తేసి, లోపలి దిగుడును ఉన్నదున్నట్టు బయటికి పంపుతుంది. కెపాసిటర్ అడుగు 12.4కు చేరేసరికి బయట 12కు బదులు పదిన్నర దాకా దిగుతుంది. ఇది సెకనుకు 50 సార్లు. స్పీకర్‌లో వినబడే మోత అదే.

మీటరు దీన్ని ఎందుకు పట్టుకోలేదు? డీసీ రేంజ్‌లో మీటరు సగటునే చూపిస్తుంది. పొద్దున సగటు 15.3, చూడడానికి ఏ లోటూ లేదు. మీటరును ఏసీ రేంజ్‌కు తిప్పి, ఎర్ర తీగకు వరుసలో ఒక మైక్రోఫారడ్ పాలిస్టర్ కెపాసిటర్ పెట్టి కొలిస్తే అర వోల్టు పైచిలుకు వస్తుంది. ఆ అంకెను మూడున్నరతో గుణిస్తే రిపుల్ ఎత్తు. వరుసలో కెపాసిటర్ ఎందుకంటే కొన్ని చవక మీటర్లు ఏసీ రేంజ్‌లో కూడా డీసీని కలిపేసుకుని 30 వోల్టులకు పైగా చూపిస్తాయి. ఎత్తు తెలిశాక దానిలో సగాన్ని డీసీ సగటులోంచి తీసేస్తే అడుగు తెలుస్తుంది. దాన్ని 14తో పోల్చి చూడాలి.

మోత ఎప్పుడు వస్తుందన్నది కూడా ఒక ఆనవాలే. సాయంత్రం మాత్రమే వస్తే శిఖరం చాలడం లేదు. పొద్దునా సాయంత్రమూ వస్తే కెపాసిటర్ ఎండిపోయి ఉంటుంది. 1000 అని రాసి ఉన్నది 500కు పడిపోతే రిపుల్ రెట్టింపై 230 మీద కూడా గీత దాటుతుంది. పైమూత ఉబ్బి ఉంటే సందేహమే లేదు, ఉబ్బకుండా ఎండినవీ ఉంటాయి. నాలుగు డయోడ్ల బ్రిడ్జ్ ఉన్న సెట్లో మోత ఉన్నట్టుండి లావైతే, అంటే 100 హెర్ట్జ్ నుంచి 50కు దిగితే, ఒక డయోడ్ తెగి అది హాఫ్‌వేవ్‌గా మారి ఉంటుంది.

మేస్త్రీ మాట, కుర్రాడి మాట

కెపాసిటర్‌ను 2200కు పెంచి చూద్దాం. రిపుల్ 0.9కు తగ్గుతుంది. నష్టాలు లేని లెక్కలో డయోడ్ తెరిచి ఉండేది ఒక మిల్లీసెకను, పోటు 3.9 ఆంపియర్లు. కెపాసిటర్ రెట్టింపుకు మించి పెరిగితే పోటు ఒకటిన్నర రెట్లే అయింది, ఎందుకంటే అది వర్గమూలం లెక్కన పెరుగుతుంది. చుట్టల నిరోధం దాన్ని ఇంకా అణిచేస్తుంది. కాబట్టి ఇక్కడ డయోడ్ పోతుందన్న కుర్రాడి భయం అక్కర్లేదు. పదివేల మైక్రోఫారడ్లు, బలమైన ట్రాన్స్‌ఫార్మర్ కలిసిన చోట, స్విచ్ వేసిన క్షణంలో ఖాళీ కెపాసిటర్ లాగే కరెంటు విషయంలో ఆ భయం సబబే.

మరి మేస్త్రీ మందు పనిచేసిందా? 205 దగ్గర పై అంచు 14.3. అందులోంచి 0.9 పోతే అడుగు 13.4. ఇంకా గీత కిందే. మోత తగ్గుతుంది, పోదు. ఎంత పెద్ద కెపాసిటర్ వేసినా శిఖరం ఎత్తు పెరగదు. లైను 220 దగ్గరే ఆగితే మాత్రం 2200 సరిపోతుంది. అక్కడ పై అంచు 15.4, అడుగు 14.5. అందుకే ఒక ఊళ్ళో పనిచేసిన చిట్కా పక్క ఊళ్ళో పనిచేయదు.

ఇంకొందరు "బ్రిడ్జ్ వేసెయ్యండి" అంటారు. బ్రిడ్జ్‌తో ఎదురుచూపు 10 మిల్లీసెకన్లకు తగ్గుతుంది, రిపుల్ సగం అవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఊరట. అయితే కరెంటు ఒకేసారి రెండు డయోడ్ల గుండా పోవాలి. 15.1లోంచి 1.6 పోతే పై అంచే 13.5. ఈ మిక్సర్‌కు అది కూడా మందు కాదు.

పనిచేసేది 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్. 205 మీద కూడా దాని నుంచి కెపాసిటర్ 18.1 వరకు నిండుతుంది, 1000 మైక్రోఫారడ్లతోనే అడుగు 16 దాటి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ధర కెపాసిటర్ కంటే ఎక్కువే, పెట్టెలో చోటు కూడా చూసుకోవాలి. రెగ్యులేటర్ మీద పడే అదనపు వోల్టేజీ వేడిగా మారుతుంది. 230 దగ్గర సుమారు 0.75 వాట్లు, చిన్న అల్యూమినియం రేకు బిగిస్తే చాలు. అర్ధరాత్రి లోడ్ తగ్గి లైను 250కు ఎక్కితే కెపాసిటర్ మీద 22 వోల్టులు దాటతాయి. అప్పుడు పాత 25 వోల్టుల కెపాసిటర్‌ను అలాగే ఉంచకుండా 35 వోల్టులది వేయాలి.